థైరాయిడ్ ఎక్కువైనప్పుడు యాంటీబాడీ పరీక్షా, స్కానా: ఎవరికి ఏది ముందు?

టీఎస్‌హెచ్ అడుగంటి, టీ4 పెరిగిందని రిపోర్టు వస్తే థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైందని తెలుస్తుంది. ఎందుకు ఎక్కువైందో ఆ కాగితం చెప్పదు. గుండె దడ, చేతుల వణుకు, ఎంత తిన్నా తగ్గే బరువు, ఎండాకాలం ఇంకాస్త భరించలేకపోవడం, ఇవన్నీ ఏ కారణంతో వచ్చినా దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే చాలామంది మొదటి చీటీతో హార్మోన్ తయారీని తగ్గించే కార్బిమజోల్ మాత్రలు మొదలుపెట్టేస్తారు. కారణం వెతకడం వెనకబడుతుంది. కానీ ఆ మాత్రలు ఎన్నాళ్లు వాడాలి, మానేస్తే ఏమవుతుంది, అయోడిన్ మందు తాగాలా, ఆపరేషనా అన్నవన్నీ కారణాన్ని బట్టే మారతాయి.

ఒకే ఇంట్లో ఇద్దరిని అనుకుందాం. తిరుపతిలో ఉండే అమ్మాయికి 28 ఏళ్లు. పలమనేరులో ఉండే వాళ్ల చిన్నమ్మకు 54. ఇద్దరికీ టీఎస్‌హెచ్ 0.01 కంటే తక్కువ. అమ్మాయికి ఫ్రీ టీ4 4.8, చిన్నమ్మకు 2.4. ఆ ల్యాబులో 0.9 నుంచి 1.7 వరకు మామూలు. అమ్మాయి మెడ ముందు భాగం అంతా సమంగా ఉబ్బింది, కళ్లు కొంచెం ముందుకు వచ్చినట్టున్నాయి. చిన్నమ్మకు మెడకు కుడివైపు ఒక గడ్డ చేతికి తగులుతుంది. అల్ట్రాసౌండ్‌లో అది 3 సెంటీమీటర్లు. ఎనిమిది నెలలు మాత్రలు వేసుకుంది, అన్నీ సర్దుకున్నాయి. మానేసిన కొన్ని వారాలకే మళ్లీ దడ. "నువ్వు మింగిన మాత్రలే గదమ్మా నాకూ ఇచ్చినారు. నీకు తగ్గతా ఉంటే నాకెందుకు మళ్లీ వచ్చింది?" అని ఆమె అడిగితే, మంచి ప్రశ్నే అడిగినట్టు. ఆ మాత్రలు ఇద్దరిలోనూ ఒకే పని చేశాయి, వాటి కింద ఉన్న జబ్బులు వేరు.

లోపల జరిగేది

మామూలుగా మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ పంపితేనే థైరాయిడ్ కణాలు అయోడిన్‌ను లోపలికి లాక్కుని హార్మోన్ తయారుచేస్తాయి. రక్తంలో హార్మోన్ ఎక్కువైతే టీఎస్‌హెచ్ ఆగిపోతుంది, కణాలు విశ్రాంతి తీసుకుంటాయి. మన వైపు బోరు మోటార్ల లెక్కలో చెప్పాలంటే టీఎస్‌హెచ్ అనేది స్టార్టర్. గ్రేవ్స్ జబ్బులో శరీరం తనే తయారుచేసుకున్న ఒక యాంటీబాడీ ఆ స్టార్టర్‌ను నొక్కి పట్టుకుంటుంది. గ్రంథిలోని ప్రతి కణానికీ ఆ స్టార్టర్ ఉంటుంది కాబట్టి మోటార్లన్నీ కలిసి నడుస్తాయి. విషపు గడ్డ, అంటే టాక్సిక్ నాడ్యూల్‌లో సంగతి వేరు. ఒక్క మోటారుకే స్టార్టర్ ఇరుక్కుపోయింది. ఎవరూ నొక్కకుండానే అది నడుస్తూ ఉంటుంది, మిగతావన్నీ ఆగి ఉంటాయి. ఆ గడ్డ కణాల్లో టీఎస్‌హెచ్‌ను అందుకునే భాగంలోనో, ఆ కబురును లోపలికి చేరవేసే భాగంలోనో ఒక జన్యుమార్పు వచ్చి ఉంటుంది. అది పుట్టుకతో వచ్చింది కాదు. ఆ గడ్డలోనే, తర్వాత ఎప్పుడో వచ్చింది. ఇలాంటి గడ్డలు ఒకటి కాక చాలా ఉంటే దాన్ని టాక్సిక్ మల్టీనాడ్యులార్ గాయిటర్ అంటారు. ఏళ్ల తరబడి మెడలో గడ్డలున్న పెద్దవయసువాళ్లలో ఇది ఎక్కువ.

యాంటీబాడీ గొడవ కొంతమందిలో కాలక్రమేణా చల్లారుతుంది. కార్బిమజోల్ 12 నుంచి 18 నెలలు వాడి ఆపితే సుమారు సగం మందికి జబ్బు తిరిగి రాదు. ఇరుక్కున్న స్టార్టర్ మాత్రం తనంతట తాను సర్దుకోదు. మాత్ర వేసుకున్నన్నాళ్లు హార్మోన్ తయారీ తగ్గుతుంది, మానేస్తే మొదటికొస్తుంది. చిన్నమ్మ ప్రశ్నకు జవాబు ఇదే.

యాంటీబాడీ పరీక్ష ఎవరికి సరిపోతుంది

ఈ రక్తపరీక్షను రిపోర్టుల్లో టీఆర్ఏబీ అని రాస్తారు. పరగడుపు అక్కర్లేదు, రేడియేషన్ లేదు, గర్భిణికి కూడా చేయవచ్చు. ఇప్పటి పద్ధతుల్లో, చికిత్స మొదలుకాని గ్రేవ్స్ రోగుల్లో నూటికి తొంభై అయిదు మందికి పైగానే ఇది పాజిటివ్ వస్తుంది. మన అమ్మాయికి 9 వచ్చింది, ఆ పద్ధతిలో హద్దు 1.75. సమంగా పెరిగిన గ్రంథి, కళ్ల లక్షణాలు, ఈ అంకె, మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఆమెకు న్యూక్లియర్ స్కాన్ అవసరం లేదని నేను ధైర్యంగా చెబుతాను. తీసినా కొత్తగా తెలిసేది ఏమీ లేదు, ఖర్చు తప్ప.

ఒక జాగ్రత్త ఉంది, ఇది చాలామందికి తెలియదు. థైరాయిడ్ ఎక్కువైతే జుట్టు రాలుతుంది. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. కొన్ని ల్యాబు మెషీన్లలో పరీక్ష పద్ధతే బయోటిన్ మీద ఆధారపడి ఉంటుంది. ఒంట్లో బయోటిన్ ఎక్కువగా ఉంటే టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా, టీ4, టీ3 లేనంత ఎక్కువగా కనిపించవచ్చు. యాంటీబాడీ కూడా తప్పుడు పాజిటివ్ రావచ్చు. అంటే జబ్బే లేని మనిషి కాగితం మీద అచ్చం గ్రేవ్స్ రోగిలా కనిపిస్తారు. రిపోర్టు అంత భయంకరంగా ఉండి మనిషి నిక్షేపంగా ఉంటే, ముందు అడగాల్సింది జుట్టు మాత్రల గురించే. కనీసం రెండు రోజులు, డోసు పెద్దదైతే ఇంకా ఎక్కువ రోజులు ఆపి మళ్లీ రక్తం ఇవ్వాలి.

చిన్నమ్మకు టీఆర్ఏబీ 0.8 వచ్చింది, అంటే నెగటివ్. నెగటివ్ వచ్చిందంటే గడ్డే దోషి అని అర్థం కాదు. యాంటీబాడీ దొరకనంత తేలికపాటి గ్రేవ్స్ కావచ్చు. థైరాయిడ్ వాపు, అంటే థైరాయిడైటిస్ వచ్చి, లోపల నిల్వ ఉన్న హార్మోన్ రక్తంలోకి కారిపోతూ ఉండవచ్చు. అల్ట్రాసౌండ్ ఇక్కడ కొంతవరకే ఆదుకుంటుంది. గడ్డ ఎంత ఉంది, ఎలా ఉంది అని చెబుతుంది. అది పనిచేస్తోందా లేదా అన్నది అల్ట్రాసౌండ్‌కు కనపడదు. పని కనిపించేది న్యూక్లియర్ స్కాన్‌లోనే.

స్కాన్ ఎలా విడదీస్తుంది

మన ప్రాంతంలో దీని కోసం న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న పెద్దాసుపత్రికే వెళ్లాలి. తిరుపతిలో స్విమ్స్‌లో ఆ విభాగం ఉంది. చిత్తూరు, పలమనేరు వాళ్లలో చాలామంది వేలూరు సీఎంసీకి పోతారు. ఎక్కువగా చేసేది టెక్నీషియం స్కాన్. చేతి నరానికి కొద్దిపాటి రేడియేషన్ ఇచ్చే టెక్నీషియం ఇంజెక్షన్ ఇస్తారు. సుమారు 20 నిమిషాల తర్వాత మెడ మీద గామా కెమెరా పెట్టి చిత్రం తీస్తారు. టెక్నీషియం రేడియేషన్ బలం ఆరు గంటలకోసారి సగానికి తగ్గుతుంది. థైరాయిడ్ కణాలు దీన్ని అయోడిన్ అనుకుని లోపలికి లాక్కుంటాయి, కానీ దీనితో హార్మోన్ తయారుచేయలేవు. రెండో పద్ధతిలో కొద్ది మోతాదు రేడియో అయోడిన్ నోటి ద్వారా ఇచ్చి, మర్నాడు, అంటే 24 గంటలకు, ఇచ్చినదాంట్లో ఎంత శాతం గ్రంథిలో ఉందో కొలుస్తారు. మామూలు మనిషిలో అది సుమారు 10 నుంచి 30 శాతం. ఈ హద్దులు ఒక్కో కేంద్రంలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఆ రిపోర్టు మీద రాసినవే చూడాలి.

స్కాన్ వెనక ఉన్న ఆలోచన ఒక్కటే. టీఎస్‌హెచ్ అడుగంటిన మనిషిలో ఆరోగ్యంగా ఉన్న థైరాయిడ్ కణం విశ్రాంతిలో ఉండాలి. విశ్రాంతిలో ఉండాల్సిన వేళ ఎవరు ఇంకా మందును లాక్కుంటున్నారో వాళ్లే దోషులు.

గ్రేవ్స్‌లో రెండు పక్కల భాగాలూ నిండుగా, సమంగా వెలుగుతాయి. మధ్యలోంచి పైకి ఒక సన్నటి నాలుక లాంటి భాగం కూడా చాలాసార్లు కనిపిస్తుంది. మందంతా గ్రంథే లాక్కోవడం వల్ల పక్కన లాలాజల గ్రంథులు వెలవెలబోతాయి. ఒంటరి విషపు గడ్డలో ఒక్క చోటే వెలుగు, మిగతా గ్రంథి దాదాపు మాయం. చాలా గడ్డలున్నప్పుడు అక్కడక్కడా వెలుగు, మధ్యలో చీకటి మచ్చలు. థైరాయిడ్ వాపులో గ్రంథి అసలు కనిపించదు, శాతం సున్నాకు దగ్గరగా ఉంటుంది. ఈ చివరిదానికి కార్బిమజోల్ వాడి లాభం లేదు. కొత్తగా తయారయ్యేది ఏమీ లేదు, కారిపోయేది నిల్వ సరుకు. కొన్ని వారాల్లో అదే తగ్గుతుంది, అందాకా దడకు మందిస్తే చాలు. కాన్పు తర్వాత కొన్ని నెలల్లో వచ్చే థైరాయిడ్ ఎక్కువ చాలాసార్లు ఇదే.

చిన్నమ్మ స్కాన్‌లో కుడివైపు ఒకే ఒక వెలుగు ముద్ద ఉంది. అల్ట్రాసౌండ్‌లో చూసిన గడ్డ ఉన్నచోటే ఉంది. ఎడమ భాగం ఆనవాలు మాత్రంగా ఉంది. కింద మాత్రం 20 నిమిషాల అప్‌టేక్, అంటే ఇచ్చిన మందులో గ్రంథి లాక్కున్నది, 3.5 శాతం అని, మామూలు హద్దు 0.5 నుంచి 4 అని రాసి ఉంది. ఇది చూసి "స్కాన్ నార్మలే" అని ఎవరైనా అంటే అక్కడే పొరపాటు జరుగుతుంది. ఆ హద్దు టీఎస్‌హెచ్ మామూలుగా ఉన్నవాళ్లది. టీఎస్‌హెచ్ లేని మనిషిలో గ్రంథి లాక్కోవాల్సింది దాదాపు ఏమీ ఉండకూడదు. ఉన్న 3.5 శాతమూ ఒక్క గడ్డే లాక్కుంది. విషపు గడ్డల్లో శాతం మామూలుగానో, కొంచెం ఎక్కువగానో ఉండటం సర్వసాధారణం. గ్రేవ్స్‌ను, గడ్డను విడదీసేది చిత్రంలోని ఆకారం. అంకె ముఖ్యంగా ఉపయోగపడేది వాపును పక్కకు తీసేయడానికి. అందుకే రిపోర్టు కాగితంతో పాటు చిత్రం కూడా తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

గడ్డ పరిమాణం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక గడ్డ ఒంటిచేత్తో హార్మోన్‌ను అంత పైకి నెట్టాలంటే సాధారణంగా రెండున్నర, మూడు సెంటీమీటర్లయినా పెరిగి ఉంటుంది. టీ4 బాగా ఎక్కువగా ఉండి, అల్ట్రాసౌండ్‌లో 8 మిల్లీమీటర్ల గడ్డ కనబడితే, ఆ చిన్న గడ్డ మీద నేరం మోపడానికి లేదు. అది ఊరకే అక్కడ ఉంది, అసలు కారణం చాలావరకు గ్రేవ్సే. ఇలాంటివాళ్లకు యాంటీబాడీ పరీక్షే ముందు చేయాలి.

స్కాన్‌ను చెడగొట్టేవి

చిన్నమ్మకు దడ అని గుండె డాక్టరు యాంజియో చేసి ఉంటే ఈ స్కాన్ అప్పటికి పనికిరాకుండా పోయేది. యాంజియోలో, మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్‌లో వాడే ద్రవంలో అయోడిన్ చాలా ఎక్కువ. గ్రంథి ఆ అయోడిన్‌తో నిండిపోయి స్కాన్ మందును లాక్కోదు. గ్రేవ్స్ ఉన్నా వాపులాగే ఖాళీగా కనిపిస్తుంది. కనీసం నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. గుండె లయకు వాడే అమియోడరోన్ అయితే నెలల తరబడి అడ్డుపడుతుంది, ఎందుకంటే అది కొవ్వులో నిల్వ ఉండిపోతుంది. అంతకాలం ఆగలేని పరిస్థితిలో యాంటీబాడీ పరీక్షే దారి. థైరాక్సిన్ మాత్రలు వేసుకుంటున్నా గ్రంథి నిద్రపోయి ఖాళీగా కనిపిస్తుంది. అందుకని స్కాన్‌కు వెళ్లేవాళ్లు గత ఆరు నెలల్లో ఏ పరీక్షలు జరిగాయో, ఏ మందులు వాడారో కాగితాలతో సహా పట్టుకెళ్లాలి.

కార్బిమజోల్ విషయం కాస్త సూక్ష్మం. ఆ మందు అయోడిన్ లోపలికి వెళ్లడాన్ని పెద్దగా ఆపదు, లోపలికి వెళ్లిన అయోడిన్‌తో హార్మోన్ తయారవడాన్ని ఆపుతుంది. అందుకని మాత్రలు వాడుతున్నా టెక్నీషియం చిత్రం చాలావరకు వస్తుంది. 24 గంటల రేడియో అయోడిన్ కొలతకు మాత్రం కొన్ని రోజులు ముందు ఆపాలి, ఎన్ని రోజులన్నది ఆ విభాగమే చెబుతుంది. అసలు ప్రమాదం వేరే ఉంది. మాత్రలు నెలల తరబడి వాడితే టీఎస్‌హెచ్ మళ్లీ మామూలుకొస్తుంది. అప్పుడు గడ్డ చుట్టూ నిద్రలో ఉన్న మంచి కణాలు కూడా లేచి మందు లాక్కుంటాయి, వెలుగుకూ చీకటికీ తేడా చెరిగిపోతుంది. చిన్నమ్మకు ఎనిమిది నెలల మాత్రల మధ్యలో స్కాన్ తీసి ఉంటే ఈ చిత్రం ఇంత స్పష్టంగా వచ్చేది కాదు. గడ్డ చేతికి తగులుతుంటే మాత్రలు మొదలుపెట్టకముందే, టీఎస్‌హెచ్ తక్కువగా ఉన్నప్పుడే స్కాన్ తీయించాలని నేను గట్టిగా చెప్పేది అందుకే. తారీఖు దొరికేదాకా దడ తగ్గడానికి ప్రొప్రనొలాల్ లాంటి మందు వాడినా స్కాన్‌కు అడ్డురాదు. ఆస్తమా ఉన్నవాళ్లు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి. హార్మోన్ మరీ ఎక్కువై గుండె లయ తప్పుతున్న మనిషికి స్కాన్ కోసం చికిత్స ఆపకూడదు.

గర్భిణులకు ఈ స్కాన్ ఏ రూపంలోనూ చేయరు. పాలిచ్చే తల్లికి టెక్నీషియం తప్పనిసరైతే ఆసుపత్రి చెప్పినన్ని గంటలు పాలు పిండి పారబోస్తే సరిపోతుంది. రేడియో అయోడిన్ అయితే ఆ బిడ్డకు పాలు పూర్తిగా మాన్పించాల్సి వస్తుంది. వీళ్లిద్దరికీ యాంటీబాడీ పరీక్షే సరైన ఎంపిక.

ఏది ముందు

వయసు తక్కువ, గ్రంథి సమంగా పెరిగింది, గడ్డ లేదు, లేదా కళ్లు ప్రభావితమయ్యాయి అంటే యాంటీబాడీ పరీక్ష. గడ్డ తగులుతోంది, వయసు యాభై దాటింది, మాత్రలు మానగానే తిరగబెట్టింది అంటే స్కాన్. టీ4 మామూలుగా ఉండి టీ3 ఒక్కటే పెరిగినవాళ్లలో కూడా గడ్డను అనుమానించాలి.

రెండూ కావాల్సిన సందర్భం ఒకటుంది. మెడలో పాతకాలపు గడ్డలున్న మనిషికి కొత్తగా గ్రేవ్స్ వస్తే స్కాన్ అక్కడక్కడా వెలుగుతో, అచ్చం మల్టీనాడ్యులార్‌లా కనిపిస్తుంది. దాన్ని యాంటీబాడీయే విడదీస్తుంది. గ్రేవ్స్ చిత్రం మధ్యలో చీకటి మచ్చ ఒకటి కనబడితే ఆ గడ్డను వదిలేయకూడదు. వెలిగే గడ్డలో క్యాన్సర్ చాలా అరుదు కాబట్టి సాధారణంగా సూది పరీక్ష చేయరు. వెలగని గడ్డకు మాత్రం అల్ట్రాసౌండ్, అవసరమైతే సూది పరీక్ష చేయించాలి.

కారణం తెలిశాక

అమ్మాయికి కార్బిమజోల్ కొనసాగుతుంది. ఆపే ముందు టీఆర్ఏబీ మళ్లీ చూస్తారు. అది ఇంకా ఎక్కువగానే ఉంటే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. కళ్లు ప్రభావితమైన మనిషి కాబట్టి రేడియో అయోడిన్ చికిత్సకు తొందరపడకూడదు, అది కళ్ల జబ్బును ఎక్కువ చేయవచ్చు. గర్భం ఆలోచన ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి, మందు మార్చాల్సి రావచ్చు. ఈ మాత్రలు వాడేటప్పుడు జ్వరమో, గొంతునొప్పో వస్తే మాత్ర ఆపి ఆ రోజే తెల్లరక్తకణాల లెక్క చేయించుకోవాలి. అరుదుగా ఆ కణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.

చిన్నమ్మ ముందున్నవి రెండు దారులు. ఒకటి, గడ్డ ఉన్న సగం గ్రంథిని ఆపరేషన్‌తో తీసేయడం. వెంటనే నయమవుతుంది, మిగిలిన సగం చాలామందిలో సరిపడా హార్మోన్ ఇస్తుంది. రెండోది రేడియో అయోడిన్ తాగడం. గడ్డకు వాడేది సాధారణంగా 10 నుంచి 20 మిల్లీక్యూరీలు. గడ్డ గొంతును నొక్కుతున్నా, మరీ పెద్దదైనా, క్యాన్సర్ అనుమానం ఉన్నా ఆపరేషన్ మేలు. ఆమెకు అవేవీ లేవు. మత్తుమందు, కోత అక్కర్లేని అయోడిన్ వైపే నేను మొగ్గుతాను.

అయితే ఆ మందు తాగే రోజున కూడా టీఎస్‌హెచ్ తక్కువగానే ఉండాలి. చుట్టూ ఉన్న మంచి కణాలు నిద్రలో ఉంటే అయోడిన్ మొత్తం గడ్డలోకే పోతుంది, దాన్నే నాశనం చేస్తుంది, తర్వాత మంచి కణాలు లేచి పని అందుకుంటాయి. మాత్రలతో టీఎస్‌హెచ్‌ను మామూలుకు తెచ్చి ఆ తర్వాత అయోడిన్ ఇస్తే మంచి కణాలు కూడా దెబ్బతింటాయి, జీవితాంతం థైరాక్సిన్ మాత్రలు వేసుకునే అవకాశం పెరుగుతుంది. గ్రేవ్స్‌లో ఈ అయోడిన్ తాగితే చివరికి థైరాయిడ్ తక్కువ కావడం దాదాపు మామూలే, దానికి సిద్ధపడే ఇస్తారు. గడ్డ జబ్బులో అలా కాకుండా చూసుకునే వీలుంది. మందు తాగిన కొన్ని రోజులు చిన్నపిల్లలకు, గర్భిణులకు దూరంగా పడుకోవాలి. గుణం కనిపించడానికి వారాలు, నెలలు పడుతుంది కాబట్టి అందాకా దడ మందు కొనసాగుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి టీ4, టీ3 చూసుకుంటూ ఉండాలి. టీఎస్‌హెచ్ లేవడానికి వీటి తర్వాత ఇంకా కొంతకాలం పడుతుంది.